స్కాన్ నుంచి సంతకం తీయడం: తెలుపును చెరపకండి, సిరాను కొలవండి

ప్రశ్న: "తెల్లకాగితం మీద సంతకం పెట్టి స్కాన్ చేశాను. వర్డ్‌లో Set Transparent Color నొక్కి తెలుపు తీసేశాను. స్క్రీన్ మీద బాగానే ఉంది కానీ ప్రింట్ తీస్తే సంతకం చుట్టూ లేత బూడిద డబ్బా పడుతోంది, అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. ఫారంలో గీత మీద పెడితే ఆ గీత అక్కడక్కడా మాయమవుతోంది. శుభ్రంగా తీయడం ఎలా? జింప్ ఉంది, కొద్దిగా వాడటం వచ్చు."

మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ కారణం ఒక్కటే. మీరు నొక్కిన బటన్ ఒకే ఒక్క రంగును, అచ్చంగా ఆ అంకె ఉన్న రంగును మాత్రమే తీసేస్తుంది. స్కాన్ చేసిన కాగితం మన కంటికి ఒకే తెలుపుగా కనిపిస్తుంది గానీ ఫైల్లో అది ఒక రంగు కాదు. జింప్‌లో తెరిచి 800 శాతం దాకా పెద్దది చేసి చూడండి. నలుపు 0, పూర్తి తెలుపు 255 అనుకుంటే, ఖాళీ కాగితం మీదే పక్కపక్కన 243, 246, 239, 244 అని రకరకాల అంకెలు కనిపిస్తాయి. కాగితం నార, స్కానర్ లైటు, సెన్సర్ తెచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు, అన్నీ కలిసి చేసే పని అది. వాటిలో ఒక్క అంకె పోయి మిగతావన్నీ అక్కడే ఉండిపోయాయి. స్క్రీన్ మీద 243కీ 255కీ తేడా కన్ను పట్టదు. ప్రింటర్ మాత్రం 243ని చూడగానే "ఇక్కడ కాస్త బూడిద వెయ్యాలి" అనుకుని సన్నటి చుక్కలు వేస్తుంది. ఆ చుక్కలే మీకు డబ్బాలా కనిపిస్తున్నాయి.

అంచుల సంగతి దీనికంటే ముఖ్యం, అందుకని కాస్త దగ్గరగా చూపిస్తాను. నిలువుగా గీసిన ఒక గీతను అడ్డంగా కోసినట్టు ఊహించుకోండి. కాగితం వైపు నుంచి సిరా లోపలికి ఒక్కో పిక్సెల్ దాటుకుంటూ వెళ్తే అంకెలు దాదాపు ఇలా ఉంటాయి: 244, 241, 198, 140, 72, 38, 35. మొదటి రెండూ కాగితం, చివరి రెండూ సిరా. మధ్యలో ఉన్న 198, 140, 72 సంగతేమిటి? అవి కాగితమూ కాదు, సిరా కూడా కాదు. ఆ పిక్సెల్ పడిన చోట కొంత భాగం సిరా, కొంత భాగం కాగితం ఉన్నాయి, స్కానర్ రెండింటినీ కలిపి ఒకే అంకె రాసింది. మ్యాజిక్ వాండ్ అయినా, వర్డ్ బటన్ అయినా, బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తామనే కొన్ని వెబ్‌సైట్లయినా ఆ 140ని ఉంచడమో తీసేయడమో చేస్తాయి. తీసేస్తే అంచు మెట్లు మెట్లుగా, కొరికినట్టు తయారవుతుంది. ఉంచితే ఆ పిక్సెల్‌లో కలిసిపోయిన సగం కాగితం కూడా సంతకంతో పాటు వచ్చేస్తుంది. ఫారం మీది గీతను మింగేస్తున్నది ఆ సగం కాగితమూ, చుట్టూ పోకుండా మిగిలిన కాగితమూ.

కాబట్టి ఉంచాలా తీయాలా అన్న ప్రశ్నే తప్పు. ఈ పిక్సెల్‌లో సిరా ఎంత ఉంది అని అడగాలి. దానికి లెక్క చాలా చిన్నది, ఇందులో alpha అంటే ఆ పిక్సెల్‌లోని సిరా పాలు:

```
alpha = (paper - pixel) / (paper - ink)
```

కాగితం 245, సిరా 35 అనుకోండి. 140 ఉన్న పిక్సెల్‌కి 245లోంచి 140 తీస్తే 105, కింద 245లోంచి 35 తీస్తే 210. భాగిస్తే 0.5, అంటే సగం సిరా. ఆ పిక్సెల్‌ని 50 శాతం పారదర్శకంగా చేసి, దానికి అసలు సిరా రంగే ఇవ్వాలి, బూడిద రంగు కాదు. అప్పుడు దాని కింద ఫారం గీత ఉన్నా, రంగు కాగితం ఉన్నా, సగం సిరా సగం కింది వస్తువు కనిపిస్తాయి. నిజమైన పెన్నుతో అక్కడే సంతకం పెడితే జరిగేది కూడా అదే. సంతకం బొమ్మ అంతా ఒకే రంగు, మారేది పారదర్శకత ఒక్కటే. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పే మెట్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు స్కాన్ సంగతి, ఎందుకంటే ఇక్కడ పోయింది తర్వాత ఎక్కడా తిరిగి రాదు. గీతలు లేని తెల్లకాగితం మీద జెల్ పెన్నుతో, 0.7 మిల్లీమీటర్ల మొన ఉన్నదైతే మంచిది, నాలుగైదు సంతకాలు వరసగా పెట్టండి. మొదటిది బిగుసుకుపోయి వస్తుంది, మూడోదో నాలుగోదో మీ చేతి వేగంతో వస్తుంది. బాల్‌పాయింట్ వద్దనడానికి కారణం ఉంది: దాని గీత మధ్యలో సిరా అందని సన్నని తెల్ల చారలు ఉంటాయి, కంటికి ఆననివి కూడా పెద్దది చేసినప్పుడు గీతను చీల్చినట్టు కనిపిస్తాయి. సంతకం సహజంగా ఎంత పరిమాణంలో పెడతారో అంతే పెట్టండి. స్కాన్ బాగా రావాలని పెద్దగా పెడితే, తర్వాత కుదించినప్పుడు గీత మరీ సన్నబడి అది మీ సంతకంలా ఉండదు.

స్కానర్‌లో 600 డీపీఐ, కలర్ మోడ్ పెట్టండి. టెక్స్ట్ మోడ్, బ్లాక్ అండ్ వైట్ అని ఉండేవాటిని ముట్టుకోవద్దు. అవి ప్రతి పిక్సెల్‌నీ పూర్తి నలుపు లేదా పూర్తి తెలుపు చేసేస్తాయి, అంటే పైన చెప్పిన 198, 140, 72 అన్నీ స్కానర్‌లోనే చచ్చిపోతాయి. ఆ తర్వాత ఎంత తెలివైన పద్ధతి వాడినా కొరికిన అంచే మిగులుతుంది. ఫైల్‌ని పీఎన్‌జీగానో టిఫ్‌గానో దాచండి. జేపెగ్ అయితే గీతల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు చేరతాయి. 6 సెంటీమీటర్ల వెడల్పు సంతకం 600 డీపీఐలో దాదాపు 1,417 పిక్సెళ్లు వస్తుంది, ఏ డాక్యుమెంటుకైనా ఇది చాలు. 1,200 డీపీఐకి వెళ్తే ఫైలు నాలుగు రెట్లు బరువెక్కుతుంది, కాగితం నార ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, అంతే.

ఇక జింప్. ఫైల్ తెరిచి, బాగా వచ్చిన సంతకం చుట్టూ కాస్త జాగా వదిలి క్రాప్ చేయండి. Image > Mode కింద RGB ఉందో లేదో చూసుకోండి, లేకపోతే తర్వాత రంగు నింపినప్పుడు బూడిద రంగే పడుతుంది. Layer > Transparency > Add Alpha Channel నొక్కండి. అది మసకగా ఉండి నొక్కనివ్వకపోతే ఇప్పటికే ఉందని అర్థం.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు ఒకటి చెబుతాను, దయచేసి దీన్ని దాటవేయొద్దు. కొత్త లేయర్ ఒకటి చేసి దాన్ని సంతకం లేయర్ కిందికి దించి, గట్టి రంగుతో నింపండి. నేను ఎప్పుడూ ముదురు గులాబీ వాడతాను. జింప్ మామూలుగా చూపించే బూడిద గళ్ల మీద గానీ, తెలుపు మీద గానీ లేత మురికి కనిపించదు. గులాబీ మీద మాత్రం రెండు శాతం మిగిలిన కాగితం కూడా పాలపొరలా తేలి కనిపిస్తుంది. మీరు స్క్రీన్ మీద చూసి బాగుందనుకుని ప్రింట్‌లో డబ్బా చూసి కంగారు పడ్డారు కదా, ఈ గులాబీ లేయర్ ఉండుంటే అది ముందే బయటపడేది.

సంతకం లేయర్‌ని ఎంచుకుని Layer > Mask > Add Layer Mask తెరవండి. అందులో Grayscale copy of layer ఎంచుకుని, కింద ఉన్న Invert mask గడిలో టిక్ పెట్టండి. జింప్ మీ సంతకం బొమ్మనే తిరగేసి మాస్క్‌గా పెడుతుంది. మాస్క్‌లో తెల్లగా ఉన్నది కనిపిస్తుంది, నల్లగా ఉన్నది కనిపించదు. సిరా తిరగబడి తెలుపైంది కాబట్టి కనిపిస్తుంది, కాగితం నలుపైంది కాబట్టి మాయమవుతుంది, అంచులు వాటి వాటి పాళ్లలో సగం సగం కనిపిస్తాయి. పైన రాసిన లెక్కను చేసేది ఈ మాస్కే.

ఈ దశలో గులాబీ మీద చూస్తే సంతకం కాస్త వెలిసినట్టు, చుట్టూ పల్చని పొగ ఉన్నట్టు ఉంటుంది. అది సహజమే. కాగితం పూర్తి తెలుపు కాదు కాబట్టి మాస్క్‌లో పూర్తి నలుపు కాలేదు, సిరా పూర్తి నలుపు కాదు కాబట్టి మాస్క్‌లో పూర్తి తెలుపు కాలేదు. ఈ రెండు కొనలనూ సరిచేయాలి. లేయర్ల పట్టీలో మాస్క్ చిన్నబొమ్మ మీద క్లిక్ చేసి, అదే ఎంపికలో ఉందని నిర్ధారించుకుని, Colors > Levels తెరవండి.

అక్కడ ఒక గ్రాఫ్ కనిపిస్తుంది. ఎడమ పక్క పెద్ద గుట్ట, అది కాగితం. కుడి పక్క చిన్న గుట్ట, అది సిరా. మధ్యలో పల్చగా పరుచుకున్నదంతా అంచులు. మొన్న ఒకరికి ఇదే పని చేసిపెట్టినప్పుడు కాగితం గుట్ట మాస్క్‌లో 5 నుంచి 23 దాకా ఉంది, సిరా గుట్ట దాదాపు 175 నుంచి 225 దాకా పరుచుకుంది. ఎడమ చేతి ముక్కోణాన్ని 30కి జరిపాను, కాగితం గుట్ట మొత్తం దాటి కొంచెం అవతలికి. కుడి చేతి ముక్కోణాన్ని 195కి తెచ్చాను, సిరా గుట్ట మధ్యకి. అంటే 30 కంటే తక్కువంతా పూర్తిగా పారదర్శకం, 195 కంటే ఎక్కువంతా పూర్తి సిరా, మధ్యలోవి పాళ్ల ప్రకారం. మన 140 పిక్సెల్ తిరగబడితే 115 అవుతుంది. 115లోంచి 30 తీస్తే 85, దాన్ని 165తో భాగిస్తే 51 శాతానికి కొంచెం పైన. కొనలు రెండూ జరిపినా మధ్యలోది మధ్యలోనే ఉంది చూశారా. అందుకే అంచు నునుపుగా వస్తుంది.

ఇక్కడ తొందర పడకూడదు. ఎడమ ముక్కోణాన్ని ఇంకా కుడికి లాగితే పొగ పూర్తిగా పోయి బొమ్మ మెరిసిపోతున్నట్టు అనిపిస్తుంది, చెయ్యి ఆగదు. కానీ అదే సమయంలో సంతకం చివర పెన్ను లేపుతూ లాగిన సన్నని తోక కూడా పోతుంది. పైన చెప్పిన సంతకంలో ఆ తోక కొసన అంకె స్కాన్‌లో 190, మాస్క్‌లో 65. ఎడమ ముక్కోణం 30 దగ్గర ఉంటే ఆ కొసకి 21 శాతం సిరా దక్కుతుంది, లేతగా అయినా కనిపిస్తుంది. 70కి లాగితే ఆ కొస మొత్తం తెగిపోయి సంతకం మొద్దుబారుతుంది. పాత సంతకంతో పోల్చి చూసేవాళ్లు పెన్ను ఎక్కడ దిగింది, ఎక్కడ లేచింది అనేది కూడా చూస్తారు. అందుకని లెవెల్స్ జరిపేటప్పుడు నేను సంతకం మధ్యభాగాన్ని చూడను, సన్నని తోక మీదే కన్ను పెట్టి, అది సన్నబడటం మొదలవగానే ఆగిపోతాను. అప్పటికీ ఎక్కడైనా మచ్చ మిగిలితే మాస్క్ మీద నల్ల బ్రష్‌తో ఆ ఒక్క మచ్చనే చెరుపుతాను. స్కానర్ అద్దం మీది దుమ్ము వల్ల వచ్చే చుక్కలకి కూడా అదే వైద్యం. ఒక్క చుక్క కోసం మొత్తం లెవెల్స్ బిగించడం వల్ల పోయేదే ఎక్కువ.

కుడి ముక్కోణం కూడా అంతే. మరీ ఎడమకి లాగితే గీతలన్నీ ఉబ్బిపోతాయి, రబ్బరు స్టాంపు కొట్టినట్టు కనిపిస్తుంది. అసలే లాగకపోతే సంతకం గుండా ఫారం గీత గాజులోంచి చూసినట్టు కనబడుతుంది. గీత నడిమి భాగం గట్టిగా, జెల్ పెన్ను వేగంగా వెళ్లిన చోట కాస్త పలచగా ఉంటే సరిపోయినట్టే.

మాస్క్ అయింది, రంగు మిగిలింది. ఇప్పటికీ లేయర్‌లో ఉన్నది పాత స్కాన్ బొమ్మే, దాని అంచు పిక్సెళ్లలో ఇంకా కాగితపు తెలుపు కలిసి ఉంది. దీన్ని ఇలాగే వదిలేస్తే ముదురు రంగు మీద సంతకం చుట్టూ సన్నని వెలుగు గీతలా పడుతుంది. సిరా బాగా ముదురుగా ఉన్న చోట కలర్ పికర్‌తో రంగు తీసుకోండి. పికర్‌లో Sample average పెట్టుకుంటే ఒక్క పిక్సెల్ తప్పుదారి పట్టించదు. తర్వాత మాస్క్ మీద కాకుండా లేయర్ చిన్నబొమ్మ మీద క్లిక్ చేసి, Edit > Fill with FG Color నొక్కండి. లేయర్ మొత్తం ఒకే నీలంతో నిండిపోతుంది. కంగారు పడొద్దు, సంతకం ఆకారం మాస్క్‌లో భద్రంగా ఉంది, రంగు మాత్రమే మారింది. ఇప్పుడు ఏ మూల ఏ పిక్సెల్‌లోనూ కాగితం అనేది లేదు. వెలుగు గీత రావడానికి కారణమే పోయింది.

సిరా వేగాన్ని బట్టి వచ్చే ఛాయలు ఒకే రంగు నింపితే పోవా అని మీకు అనుమానం రావొచ్చు. పోవు. పలచగా పడిన చోట పారదర్శకత ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ ఛాయ మాస్క్‌లోనే దాగి ఉంది.

చివరగా Layer > Mask > Apply Layer Mask, గులాబీ లేయర్ పక్కన కన్ను గుర్తు తీసేయండి, Image > Crop to Content నొక్కండి, File > Export As తో పీఎన్‌జీగా దాచండి. గులాబీ లేయర్ ఆపడం మర్చిపోయి గులాబీ డబ్బాతో సహా సంతకం పంపినవాళ్లను చూశాను, అందుకని ఎగుమతి చేసిన ఫైల్‌ని ఒకసారి మళ్లీ తెరిచి చూడండి. ఒక మాట, లేయర్లన్నీ ఉన్న అసలు ఫైల్‌ని కూడా జింప్ సొంత ఫార్మాట్‌లో, మాస్క్ అప్లై చేయక ముందే దాచుకోండి. ఆరు నెలల తర్వాత నల్ల సిరా కావాలని ఎవరైనా అడిగితే రంగు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

ఇదంతా ఒకే వరుసలో చేయాలంటే ఇమేజ్‌మ్యాజిక్ అనే కమాండ్ లైన్ ప్రోగ్రాం ఉంది. నలుగురైదుగురి సంతకాలు ఒకే స్కానర్‌లో, ఒకే పెన్నుతో వచ్చినప్పుడు నేను ఇదే వాడతాను:

```
magick scan.png -colorspace gray -level 24%,88% -negate -background "#1f2f7a" -alpha shape sign.png
```

ఇక్కడ `24%,88%` అన్నవి పైన చెప్పిన కొనలే. 255లో 24 శాతం అంటే దాదాపు 60, అది సిరా వైపు. 88 శాతం అంటే దాదాపు 225, అది కాగితం వైపు. జింప్‌లో తిరగేసిన మాస్క్ మీద చూసిన 195, 30 అంకెలు ఇక్కడ తిరగేయక ముందు చూస్తున్నాం, అంతే తేడా. `-alpha shape` అన్నది బూడిద బొమ్మను పారదర్శకతగా మార్చి, రంగంతా మీరిచ్చిన నీలంతో నింపుతుంది. మీ స్కాన్‌లో కాగితం గుట్ట ఎక్కడుందో ఒకసారి చూసుకుని ఈ రెండు అంకెలు మార్చుకోండి, నా అంకెలు మీ స్కానర్‌కి అచ్చం సరిపోవు.

స్కానర్ అందుబాటులో లేక ఫోన్‌తో ఫోటో తీస్తే ఒక చిక్కు అదనంగా వస్తుంది. కిటికీ వైపు కాగితం 215 ఉంటే, మీ చెయ్యి నీడ పడిన వైపు 150 ఉంటుంది. సన్నని తోక 190 అని పైన చెప్పాను గుర్తుందా, అంటే నీడలో ఉన్న ఖాళీ కాగితం వెలుగులో ఉన్న సిరా కంటే నల్లగా ఉంది. అలాంటప్పుడు లెవెల్స్‌ని ఎక్కడ పెట్టినా ఒక పక్క నీడ మచ్చగా మిగులుతుంది, లేదా రెండో పక్క సిరా పోతుంది. మాస్క్ చేయడానికి ముందే వెలుతురును సమం చేయాలి. లేయర్‌ని డూప్లికేట్ చేసి, పై కాపీకి Filters > Blur > Gaussian Blur పెద్ద అంకెతో, 80 నుంచి 100 పిక్సెళ్ల దాకా ఇవ్వండి. సంతకం కరిగిపోయి నీడ ఆకారం మాత్రమే మిగలాలి. ఆ పై లేయర్ మోడ్‌ని Divide చేయండి. ప్రతి పిక్సెల్‌నీ దాని చుట్టుపక్కల కాగితంతో భాగించినట్టవుతుంది, నీడలోని కాగితం కూడా తెల్లబడుతుంది. తర్వాత రెండు లేయర్లనూ కలిపేసి మాస్క్ పని మొదలుపెట్టండి. బ్లర్ మరీ తక్కువ ఇస్తే సంతకం గీతలు కూడా ఆ బ్లర్‌లో నిలబడి ఉంటాయి, భాగించేసరికి వాటి నడుమ బోలుగా తయారవుతుంది. గీతలు గొట్టాల్లా కనిపిస్తే బ్లర్ పెంచాలని అర్థం.

కొందరు పాత డాక్యుమెంటులో ముద్రించిన గీత మీద పెట్టిన సంతకాన్ని విడదీయాలని చూస్తారు. నల్ల గీత మీద నల్ల సిరా అయితే సాధ్యం కాదు, రెండూ ఒకే అంకె. నీలం సిరా అయితే కొంత వరకు రంగు తేడాతో విడదీయొచ్చు గానీ, గీత సంతకాన్ని దాటిన చోట ఖాళీ పడుతుంది, దాన్ని చేత్తో పూడ్చాలి. అలా పూడ్చినది మీ సంతకం కాదు, మీరు గీసిన బొమ్మ. గంట సేపు దాంతో కుస్తీ పట్టే కంటే తెల్లకాగితం మీద మళ్లీ సంతకం పెట్టడం రెండు నిమిషాల పని. ఒకవేళ కాగితం మీద ఎర్ర మార్జిన్ గీత ఒక్కటే అడ్డమైతే దానికి సులువైన దారి ఉంది: మాస్క్ కోసం మామూలు బూడిద కాపీ బదులు బొమ్మలోని ఎరుపు ఛానెల్‌ని వాడండి. ఎరుపు ఛానెల్‌లో ఎర్ర గీత కాగితంలా తెల్లగా ఉంటుంది, నీలం సిరా మాత్రం మరింత నల్లగా ఉంటుంది.

ఇక డాక్యుమెంటులో పెట్టడం. వర్డ్‌లో బొమ్మ చొప్పించాక Wrap Text కింద Behind Text ఎంచుకుంటే ఫారం గీత, అక్షరాలు సంతకం పైనుంచి వెళ్తాయి. In Front of Text అయితే సంతకం గీత మీదికి వస్తుంది. పెన్నుతో పెట్టినట్టు ఉండాలంటే రెండోదే సరైనది, ఎందుకంటే సిరా ముద్రణ మీద పడుతుంది. మీ పాత బొమ్మతో ఇలా పెడితేనే గీత మాయమైంది, ఇప్పుడు కాదు. పరిమాణం మార్చేటప్పుడు మూల పట్టుకునే లాగండి, పక్క పట్టుకుని లాగితే సంతకం సాగిపోతుంది, అది చూడగానే తెలిసిపోతుంది. వెడల్పు అసలు సంతకానికి దగ్గరగా, 4 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య ఉంటే సహజంగా ఉంటుంది.

ఫైల్‌ని ఇంకొకరికి పంపేటప్పుడు జాగ్రత్త. జేపెగ్‌కి పారదర్శకత అనేదే లేదు. చాటింగ్ యాప్‌లో ఫోటోగా పంపితే అది చాలాసార్లు జేపెగ్‌గా మారిపోయి, పారదర్శకంగా ఉన్న చోటంతా నలుపో తెలుపో నిండి వస్తుంది. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా జత చేయండి. "నువ్వు పంపినదాంట్లో నల్ల డబ్బా ఉంది" అని ఎవరైనా అంటే మీ మాస్క్‌లో తప్పు వెతక్కండి, ముందు ఫైల్ ఏ ఫార్మాట్‌లో చేరిందో అడగండి.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పి తీరాల్సిన విషయం. ఇంత శుభ్రంగా తీసిన సంతకం ఎవరి చేతిలో పడినా అంతే శుభ్రంగా పనిచేస్తుంది. డాక్యుమెంటులో పెట్టి పీడీఎఫ్ చేసి పంపాను కదా, అందులో ఇరుక్కుపోయి ఉంటుందిలే అనుకుంటారు చాలామంది. నేను కూడా కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. ఒకసారి ఒక ఉత్తరం పీడీఎఫ్‌ని వేరే పని మీద విప్పి చూస్తుంటే నా సంతకం విడిగా, పూర్తి పరిమాణంలో బయటికి వచ్చింది. ఆ రోజు నిజంగా టెన్షన్ పడ్డాను. మీ పీడీఎఫ్‌లో ఏముందో pdfimages అనే కమాండ్ లైన్ ప్రోగ్రాంతో మీరే చూసుకోవచ్చు:

```
pdfimages -list letter.pdf
```

దీని జవాబులో image అని ఒక వరుస, దాని వెంటే smask అని ఇంకో వరుస కనిపిస్తే, మొదటిది మీ సిరా రంగు, రెండోది మీ సంతకం ఆకారం. మీరు అరగంట కూర్చుని చేసిన మాస్క్ యథాతథంగా అందులో ఉంది, ఎవరైనా ఒక్క ఆదేశంతో తీసుకోవచ్చు. అందుకని సంతకం ఉన్న పేజీని పంపే ముందు నేను బొమ్మగా మార్చి మళ్లీ పీడీఎఫ్ చేస్తాను:

```
pdftoppm -r 200 -png letter.pdf page
img2pdf page*.png -o final.pdf
```

ఇలా చేస్తే సంతకం, గీత, అక్షరాలు అన్నీ ఒకే బొమ్మలో కలిసిపోతాయి, విడి ముక్క అంటూ ఉండదు. దీనివల్ల నష్టమూ ఉంది. అక్షరాలను వెతకడం, కాపీ చేయడం కుదరదు, ఫైలు బరువెక్కుతుంది. పైగా ఓపికున్నవాడు ఆ బొమ్మ నుంచి కూడా సంతకాన్ని కత్తిరించుకోగలడు. కానీ 200 డీపీఐలో, గీతతోనూ అక్షరాలతోనూ పెనవేసుకున్న సంతకమే దొరుకుతుంది తప్ప అసలు సరుకు దొరకదు. సంతకం గీత మీదుగా, కొంచెం అక్షరాలను తాకేలా పెట్టడం ఇందుకు కూడా పనికొస్తుంది.

ఇదే కారణంతో అసలు పీఎన్‌జీని అందరూ చూసే ఫోల్డర్లో పెట్టకండి, ఆఫీసులో ఇంకొకరు మీ తరఫున వాడుకునేలా ఈమెయిల్లో వదిలేయకండి. ఇంకొకరి సంతకం మీరు తీసిపెట్టాల్సి వస్తే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే చేయండి, పని అయ్యాక మీ దగ్గరున్న స్కాన్, పీఎన్‌జీ రెండూ తీసేయండి.

ఈ బొమ్మ సంతకం రూపాన్ని మాత్రమే ఇస్తుంది. పెట్టిన తర్వాత డాక్యుమెంటులో ఒక అంకె ఎవరైనా మార్చినా అది పట్టుకోలేదు. సర్టిఫికెట్‌తో చేసే డిజిటల్ సంతకం ఆ పని చేస్తుంది, ఎందుకంటే అది సంతకం చేసే సమయానికి ఫైల్‌లో ఉన్నదానితో ముడిపడి ఉంటుంది, ఆ తర్వాత మార్పు జరిగితే చూపిస్తుంది. డబ్బుకో ఆస్తికో సంబంధించిన కాగితమైతే, తీసుకునేవాళ్లు బొమ్మ సంతకం ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. రెండూ కావాలంటే వరస గుర్తుంచుకోండి: ముందు బొమ్మ పెట్టాలి, పేజీని కలపాలి, ఆ తర్వాతే డిజిటల్ సంతకం చేయాలి. తిరగేసి చేస్తే మీ బొమ్మ పెట్టడమే డాక్యుమెంటును మార్చినట్టు లెక్కవుతుంది, డిజిటల్ సంతకం చెల్లకుండా పోతుంది.

మీ స్కాన్‌తో ఇది చేశాక, గులాబీ లేయర్ మీద 400 శాతం పెద్దది చేసి సంతకం తోక దగ్గర ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. లెవెల్స్ ముక్కోణాలు ఏ అంకెల దగ్గర ఆపారో కూడా రాయండి. కాగితం పొర మిగిలిందో, తోక తెగిందో ఆ ఒక్క బొమ్మ చూస్తే చెప్పగలను.